ఆవకాయ మీద తెల్లనిది ఉప్పా, బూజా?

"పర్లాకిమిడిలో ఉంటున్నాం. వేసవిలో పెట్టిన ఆవకాయ జాడీలో పైన తెల్లగా వచ్చింది. గాజు సీసా మెడ దగ్గర కూడా తెల్లగా ఉంది. రెండింటి ఫోటోలూ పెట్టాను. పైది తీసేసి కిందిది వాడుకోవచ్చా అక్కా? బ్రెడ్డు మీద కూడా ఒక పచ్చ చుక్క ఉంది."

అమ్మా, జాడీలోది పారేయాలి. సీసాలోది దక్కేట్టే ఉంది, కానీ ఒక పరీక్ష చేసి తేల్చుకో.

జాడీ ఫోటో పెద్దది చేసి చూశాను. నూనె పైకి తేలిన ముక్కల అంచున బూడిదరంగు నూగు ఉంది, ఒకచోట ఆకుపచ్చగా కూడా తిరిగింది. నూగు ఉందంటే బూజే. సీసా మెడ దగ్గరది గరుకుగా, పలుకులు పలుకులుగా మెరుస్తోంది. అది ఉప్పు పేరుకున్నట్టుంది. ఫ్లాష్ వేసి ఎదురుగా తీస్తే రెండూ ఒకేలా కనబడతాయి. అందుకని లైటు ఆపి, ఇంకో ఫోను టార్చి పక్కవాటంగా పట్టి మళ్ళీ తియ్యి. నూగు ఉంటే సన్నటి నీడ పడుతుంది. తర్వాత పొడి చెంచాతో ఆ తెల్లదాన్ని కాస్త తీసి అరగ్లాసు గోరువెచ్చటి నీళ్లలో కలుపు. కరిగిపోతే ఉప్పు. దూదిపింజలా తేలితే బూజు. వాసన చూద్దామని మాత్రం ముక్కు దగ్గర పెట్టుకోకు, ఆయాసం ఉన్నవాళ్లకి మరీ ఇబ్బంది.

రాయగడలో కాపురం పెట్టిన కొత్తలో, మా ఆయనకి బీపీ అని ఆవకాయలో ఉప్పు సగానికి తగ్గించాను. శ్రావణం ముసుర్లకి పైన బూజొచ్చింది. పారేయడానికి చేతులు రాలేదు. పైది రెండు గరిటెలు తీసేసి, ఎండ కాసిన రోజు ఎండబెట్టి, కాచి చల్లార్చిన నూనె పోశాను. పదిహేను రోజులకి జాడీ మధ్యలోంచి ముక్క తీసి విరిస్తే లోపలంతా మెత్తబడి ఉంది, మట్టి వాసన. పైన కనబడే నూగు కొసలే, దాని పోగులు కిందికి ఊటలోకి దిగుతాయి. కొన్ని బూజులు వదిలే విషం ఎండబెట్టినా కాచినా పోదు. పైగా బూజు పచ్చడిలోని పులుపును తినేస్తుంది. పులుపు తగ్గితే, నూనె కింద గాలాడని చోట ఇంకా ప్రమాదమైన సూక్ష్మజీవులు పెరగగలవు. ఆ జాడీ మొత్తం పారబోశాను. అప్పటినుంచి ఉప్పు తగ్గించడం మానేసి, తినే ముక్కలు తగ్గించాం.

బ్రెడ్డు గుల్లగా, మెత్తగా ఉంటుంది కాబట్టి చుక్క కోసేసినా లాభం లేదు, ప్యాకెట్టంతా పారెయ్యి. జామ్‌కి పట్టినా అంతే.

సీసాలోది ఉప్పేనని తేలితే, మెడ పొడి గుడ్డతో తుడిచి, నువ్వుల నూనె కాచి పూర్తిగా చల్లార్చి, ముక్కల పైన వేలు మందం నిలిచేలా పొయ్యి. అన్నట్టు, జాడీలో పెట్టిన గరిటే సీసాలోనూ పెట్టావా? పెట్టి ఉంటే సీసా విషయంలో నా మాట మారుతుంది, చెప్పు.