లోపల కడగొద్దు అమ్మణ్ణీ

చిత్తూరు

అమ్మణ్ణీ,

నిన్న ఫోన్‌లో మీ అత్తగారు గదిలోకి వచ్చేసరికి నువ్వు మాట మధ్యలో ఆపేశావు. అందుకే రాస్తున్నా, తీరిగ్గా చదువుకో. తెల్లబట్ట అవుతోందని రోజూ బాత్రూంలో పైపు పెట్టి లోపలంతా కడుగుతున్నానన్నావు. మెడికల్ షాపులో కొన్న వాష్ కూడా లోపలికి పోస్తున్నానన్నావు. ముట్టు అయిపోయాక కొండకు పోవాలంటే ఇంకా గట్టిగా కడుక్కుంటానన్నావు. ఇంత చేస్తున్నా వాసన పోవడం లేదని నీ బాధ. ముందు ఆ కడగడం ఈ రోజే ఆపేయి. ఆ వాసన కడగడం వల్లే వచ్చి ఉండవచ్చు. ఎందుకో చెప్తాను.

ఆడదాని యోని లోపల మంచి సూక్ష్మజీవులు ఉంటాయి. వాటిలో ముఖ్యమైనవి లాక్టోబాసిల్లై. ఈస్ట్రోజన్ హార్మోను ఉన్న వయసులో లోపలి పొర కణాల్లో గ్లైకోజన్ అనే పిండిపదార్థం నిలవ ఉంటుంది. ఆ కణాలు రాలినప్పుడు దాన్ని తిని ఈ జీవులు లాక్టిక్ ఆమ్లం తయారుచేస్తాయి. పెరుగు పులుపు కూడా ఆ ఆమ్లానిదే. పులుపును పీహెచ్ అనే అంకెతో కొలుస్తారు, అంకె ఎంత తగ్గితే పులుపు అంత ఎక్కువ. ఆ ఆమ్లం వల్ల లోపల పీహెచ్ 3.8 నుంచి 4.5 మధ్య, అంటే బాగా పుల్లగా ఉంటుంది. ఆ పులుపులో చెడ్డ క్రిములు పెరగలేవు. మనం ఒళ్ళు రుద్దుకునే సబ్బు పీహెచ్ 9, 10 దాకా ఉంటుంది. దాన్ని లోపలికి పంపితే పులుపు విరుగుతుంది, కాపలా ఉండే జీవులు కొట్టుకుపోతాయి. ఉత్త నీళ్ళు పోసినా వాటిని పలచబరిచి బయటికి తోసేస్తాయి. గాయాలకు వాడే యాంటీసెప్టిక్ లిక్విడ్ అయితే మంచిదీ చెడ్డదీ చూడకుండా అన్నిటినీ చంపుతుంది, పైగా ఆ మెత్తని పొర మండి పుండవుతుంది. పటిక నీళ్ళు, నిమ్మరసం, వేపాకు కషాయం కూడా లోపలికి వద్దు. పెరుగు పెట్టుకుంటే జీవులు తిరిగి వస్తాయని ఎవరైనా చెప్తే నమ్మొద్దు. పెరుగు తోడుకొనే జాతులు వేరు, అవి అక్కడ కాపురం పెట్టవు.

ఇక తెల్లబట్ట సంగతి. ఎముకలు కరిగి తెల్లగా పోతోందని మన పల్లెల్లో ఇప్పటికీ అంటారు. ఎముకలకూ దానికీ ఏ సంబంధమూ లేదు. గర్భాశయ ముఖద్వారం నుంచి వచ్చే జిగురు, లోపలి పొర నుంచి రాలిన కణాలు, కాస్త ఊరే నీరు, ఈ మంచి జీవులు, అన్నీ కలిస్తే అయ్యేదే అది. రోజుకు దాదాపు అర చెంచా నుంచి ఒక చెంచా దాకా రావడం మామూలే. నెలంతా ఒకే రకంగా కూడా ఉండదు. ముట్టు ఆగిన కొన్నాళ్ళు తక్కువగా ఉంటుంది. అండం విడుదలయ్యే రోజుల్లో గుడ్డులోని తెల్లసొన మాదిరి పారదర్శకంగా, వేళ్ళ మధ్య పట్టి లాగితే తీగలా సాగుతుంది. తరువాత చిక్కబడి తెల్లగా, మీగడలా అవుతుంది. లోదుస్తుల మీద ఎండితే లేత పసుపు మరక కడుతుంది. గర్భం వచ్చినప్పుడు ఇంకా ఎక్కువవుతుంది. కొంచెం పుల్లటి వాసన ఉన్నా అది రోగం కాదు. ఇలా కిందికి జారుతూనే చచ్చిన కణాలను, చెత్తను అది బయటికి తీసుకుపోతుంది. లోపలి శుభ్రం దాని పని, నువ్వు చెయ్యి పెట్టాల్సిన అవసరం లేదు. మడి గురించి నీకు పట్టింపు ఉంటే ఒంటికి తలస్నానం చాలు. లోపలికి నీళ్ళు పంపితేనే మడి అని ఏ పెద్దలూ చెప్పలేదు.

మా గైనిక్ ఓపీలో పనిచేసేటప్పుడు నీ వయసు అమ్మాయి ఒకామె వచ్చేది. బట్టల షాపులో సేల్స్ పని, పొద్దస్తమానం నిలబడే ఉండేది. తెల్లబట్ట అసహ్యమనిపించి సబ్బునీళ్ళు లోపలికి పోసుకోవడం మొదలుపెట్టింది. కొన్నాళ్ళకు పలచగా, బూడిద రంగులో కారడం, చేపల నీచు వాసన వచ్చాయి. ముట్టు అయ్యాక, భర్తతో కలిశాక ఆ వాసన ఇంకా ఎక్కువయ్యేది. రక్తమూ వీర్యమూ పుల్లనివి కావు కదా, అవి తగిలి పులుపు విరగ్గానే లోపలున్న చెడు క్రిములు చేసిన అమైన్లనే నీచు వాసన పదార్థాలు గాలిలోకి లేస్తాయి. ఆమె మాత్రం దాన్ని మురికి అనుకుని రెండు పూటలా కడిగింది. కడిగిన గంటసేపు వాసన లేనట్టుండేది, సాయంత్రానికి మళ్ళీ మొదలు. డాక్టరమ్మ పీహెచ్ కాగితంతో చూస్తే 4.5 దాటింది. స్లైడు మీద చూస్తే క్రిములు అతుక్కున్న కణాలు కనిపించాయి. బాక్టీరియల్ వజైనోసిస్ అని తేల్చి మెట్రోనిడజోల్ 400 మిల్లీగ్రాముల మాత్ర పూటకొకటి, రోజుకు రెండు, ఏడు రోజులు రాశారు. తగ్గింది. కానీ కడగడం మానలేదు కాబట్టి కొన్ని వారాలకే తిరగబెట్టింది. రెండోసారి మాత్రలతో పాటు కడగడం కూడా ఆపించారు. నెల తరువాత వచ్చినప్పుడు వాసన లేదు. తెల్లగా కొంచెం అవుతోందని మళ్ళీ భయపడింది, అది మామూలేనని డాక్టరమ్మ నచ్చజెప్పి పంపారు. మాత్ర చెడ్డ క్రిములను చంపుతుంది, మంచివి మళ్ళీ పెరగాలంటే వాటిని కదపకుండా వదిలేయాలి. కడగడం మానినవాళ్ళకు కూడా కొందరికి తిరగబెడుతుంది, అప్పుడు మళ్ళీ చూపించుకోవాల్సిందే.

నాకు ఎక్కువ దిగులు వాసన గురించి కాదు. పైపు నీళ్ళ ఒత్తిడికి కింద ఉన్న క్రిములు గర్భాశయంలోకి, ట్యూబుల్లోకి ఎక్కే ప్రమాదం ఉంది. లోపల కడుక్కునే ఆడవాళ్ళలో ఆ ఇన్ఫెక్షన్లు ఎక్కువగా కనిపిస్తాయి. ట్యూబులు దెబ్బతింటే పిల్లలు పుట్టడం కష్టమవుతుంది, గర్భం ట్యూబులోనే నిలిచిపోనూవచ్చు. వజైనోసిస్ ఉన్న గర్భిణులకు నెలలు నిండకుండా కాన్పయ్యే ప్రమాదం కూడా ఎక్కువ. పిల్లల కోసం చూస్తున్నారు కాబట్టి నీకు ఇది గట్టిగా చెప్తున్నా.

రోజూ చేయాల్సింది ఇంతే. బయటి భాగాన్ని చేత్తో, మామూలు నీళ్ళతో, ముందు నుంచి వెనక్కి కడుక్కో. పైపు నీళ్ళు పైపైన పోనియ్, లోపలికి గురిపెట్టొద్దు. సబ్బు కావాలంటే వాసన లేనిది కొంచెం, వెంట్రుకలున్న చోట మాత్రమే. ఆ వాష్ సీసా బయటికి కూడా అవసరం లేదు. తుడుచుకుని నూలు లోదుస్తులు వేసుకో, తడిసినవి మార్చుకో.

కానీ నీకు వాసన ఇప్పటికే ఉంది కాబట్టి ఊరికే కూర్చోవద్దు. పెరుగు విరిగినట్టు గడ్డలుగా పడి దురద పెడితే అది ఫంగస్, మందు వేరు. ఆకుపచ్చగా, నురగగా వస్తే అది మరో రకం ఇన్ఫెక్షన్. పొత్తికడుపు నొప్పి, జ్వరం, ముట్టు కాని రోజుల్లో రక్తం, ఇవేవి ఉన్నా అదే రోజు చూపించుకో. షాపులో ఎవరో ఇచ్చిన మాత్ర మింగొద్దు. మీకు దగ్గర్లో ప్రభుత్వ మెటర్నిటీ ఆస్పత్రి ఉంది, సిగ్గుపడకుండా ఓపీకి పో. ఒక్క మాట గుర్తుపెట్టుకో. డాక్టరు చూస్తారని సిగ్గుతో చాలామంది పొద్దున్నే లోపలంతా కడుక్కుని వస్తారు, దాంతో పరీక్షకు పనికొచ్చేది ఏమీ మిగలదు. ముందు రోజు నుంచే లోపల కడగొద్దు, క్రీములు పెట్టొద్దు, భర్తతో కలవొద్దు. ముట్టు లేని రోజు చూసుకుని ఎలా ఉన్నావో అలానే పో. ఆ వాష్ సీసా కూడా సంచీలో వేసుకుని పోయి డాక్టరుకు చూపించు.

మీ అత్త