డబ్బు వెళ్లింది, డైమండ్లు రాలేదు: ఎవరిని అడగాలి?

ప్రశ్న: మేము బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. మా అబ్బాయి పుట్టినరోజని జూన్ 14న వాడి మొబైల్ ఆటలో నాణేల్లా వాడే డైమండ్లు 4,900 రూపాయలకు నా ఫోనులో గూగుల్ ప్లే ద్వారా కొన్నాను. యూపీఐ నుంచి డబ్బు వెళ్లింది, డైమండ్లు రాలేదు. వాడు రోజంతా ఏడ్చాడు. ఆటను ఫోనులోంచి తీసేసి మళ్లీ వేశాను, అయినా లేవు. ఆట కంపెనీకి రాస్తే ‘పరిశీలిస్తున్నాం’ అంటున్నారు. పదిహేడు రోజులైంది. ‘ఈ కొనుగోలు నేను చేయలేదు’ అని బ్యాంకుకు రాసిస్తే డబ్బు వెనక్కి వస్తుందని తెలిసినవారు చెబుతున్నారు. రాసివ్వవచ్చా?
– ఒక తల్లి, బెంగళూరు

జవాబు: రాసివ్వకండి. మీ పిన్ మీరే కొట్టారు, ఆ సంగతి బ్యాంకు రికార్డులోనే ఉంటుంది కాబట్టి ఫిర్యాదు అక్కడే వీగిపోతుంది. నష్టం అంతటితో ఆగదు. రేపు వినియోగదారుల కమిషన్‌లో ‘కొన్నాను, సరుకు ఇవ్వలేదు’ అని మీరు చెప్పినప్పుడు, ‘కొననే లేదు’ అని మీరు సంతకం పెట్టిన కాగితాన్నే ఎదుటి వకీలు ముందు పెడతాడు. గెలవాల్సిన కేసు మీ మాటతోనే పోతుంది. పైగా ఇలాంటి వివాదం లేవనెత్తితే స్టోర్ ఖాతా, ఆట ఖాతా రెండూ లాక్ కావచ్చు.

మీ కేసును తేల్చే అంశం ఒక్కటే: ఆ కొనుగోలు అందినట్టు ఆట కంపెనీ స్టోర్‌కు తెలియజేసిందా, లేదా? గూగుల్ ప్లేలో డబ్బు జమైన మూడు రోజుల్లోగా ఆట వైపు నుంచి ఆ ధ్రువీకరణ రావాలి. రాకపోతే ఆర్డర్ రద్దై డబ్బు దానంతటదే తిరిగొస్తుంది. అందుకే ముందు బ్యాంకు స్టేట్‌మెంట్ చూడండి, జూన్ 17 తర్వాత 4,900 జమైందేమో. తర్వాత ప్లే స్టోర్‌లో మీ ప్రొఫైల్ బొమ్మ నొక్కి, Payments & subscriptions కింద Budget & order history తెరవండి. ఆ ఆర్డర్ రద్దు కాకుండా, వాపసు లేకుండా నిలిచి ఉంటే ‘మాకు ఆర్డర్ రాలేదు’ అని కంపెనీ చెప్పడం కష్టం. అంటే వాళ్లు డైమండ్లు ఇవ్వకుండానే ధ్రువీకరించి ఉండాలి, లేదా అవి వేరే ప్లేయర్ ఐడీకి వెళ్లి ఉండాలి.

మీ అజాగ్రత్త సంగతి ఇక్కడే చెప్పాలి. ఆటను ఎందుకు తీసేశారు? అబ్బాయి లాగిన్ కాకుండా గెస్ట్‌గా ఆడుతుంటే ఆ ఖాతా దేనికీ ముడిపడి ఉండదు. మళ్లీ వేసినప్పుడు కొత్త ప్లేయర్ ఐడీ వచ్చి ఉండవచ్చు, డైమండ్లు పాతదానిలోనే ఉండిపోయి ఉండవచ్చు. పాత ఐడీ కనిపించే ఫోటో గానీ, స్నేహితులకు పంపిన స్క్రీన్‌షాట్ గానీ ఉందేమో ఈ రోజే వెతకండి. ఇకపై ఆ ఫోనులో ఏదీ చెరిపేయకండి.

కంపెనీకి మళ్లీ రాయండి. పుట్టినరోజు, కన్నీళ్ల ప్రస్తావన వద్దు. GPA. తో మొదలయ్యే ఆర్డర్ నంబరు, చెల్లించిన సమయం, పాత, కొత్త ప్లేయర్ ఐడీలు ఇచ్చి ఒకే ప్రశ్న అడగండి: ‘ఈ ఆర్డర్‌కు డైమండ్లను ఏ ఐడీకి, ఏ సమయంలో జమ చేశారు?’ దానికి వారి సర్వర్ రికార్డు మాత్రమే జవాబు చెప్పగలదు. చెప్పకుండా దాటవేస్తే, ఆ దాటవేతే మీకు సాక్ష్యం.

స్టోర్‌లో సులువుగా వాపసు కోరే 48 గంటల గడువును మీరు పోగొట్టుకున్నారు. అది స్టోర్ పెట్టుకున్న నియమమే గానీ మీ చట్టపరమైన హక్కుకు ముగింపు కాదు. అదే ఆర్డర్ నంబరుతో స్టోర్ ఫిర్యాదుల అధికారికి రాయండి. 2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఆ అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు తెలిపి, నెల లోపల పరిష్కరించాలి. (ఐఫోన్ వాడే పాఠకులు reportaproblem.apple.com లో అడగాలి.)

నెల దాటినా తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి, ఖర్చు ఉండదు. అదీ కుదరకపోతే ఈ-జాగృతి పోర్టల్‌లో బెంగళూరు జిల్లా కమిషన్‌కు ఫిర్యాదు వేయండి. ఆట కంపెనీ విదేశంలో ఉన్నా ఫర్వాలేదు, మీరు నివసించే చోటే కేసు వేసే హక్కు 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ఇచ్చింది. 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు. కంపెనీని, స్టోర్‌ను ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి, లేకపోతే ఒకరు మరొకరి మీదికి నెట్టేస్తారు. గడువు రెండేళ్లు, దాన్ని జూన్ 14 నుంచే లెక్కపెట్టుకోండి. ‘పరిశీలిస్తున్నాం’ అన్న మెయిళ్లు ఎన్ని వచ్చినా ఆ గడువు పెరగదు.