పాత ఇంటి ఫోటోలు పంపబోయే తమ్ముడికి

చిరంజీవి తమ్ముడికి అన్నయ్య ఆశీస్సులు.

మన కుటుంబ చరిత్ర కోసం నేను కూడబెడుతున్న సేకరణలో తాతయ్య కట్టించిన ఇంటి ఫోటోలు ఇంతవరకు మూడే ఉన్నాయి. బాబాయి దాచిన ఆల్బమ్ నీ దగ్గర ఉంది కనుక, అందులో ఆ ఇల్లు ఏ మూలన కనిపించినా సరే, ఆ ఫోటోలన్నీ స్కాన్ చేసి పంపమని అడగడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను. అసలు ఫోటోలు నీ దగ్గరే ఉండనీ, నాకు స్కాన్లు చాలు.

ఏ మూలన కనిపించినా అని ఎందుకు అంటున్నానో చెబుతాను. పోయినసారి నువ్వు పంపిన వాటిలో పిన్ని ఒళ్లో చెల్లాయిని పెట్టుకుని కూర్చున్న ఫోటో ఉంది. ముఖాలు బాగా కనిపించాలని నువ్వు అంచులు కత్తిరించావు. ఆ తరువాత మీ ఇంట్లో అసలు ఫోటో చూసినప్పుడు, ఎడమ అంచున గోడకు వేలాడుతున్న క్యాలెండర్ కనిపించింది. భూతద్దం పెట్టి చూస్తే ఆగస్టు నెల, 1వ తేదీ గురువారం గడిలో ఉంది. ఆగస్టు 1 గురువారం వచ్చిన సంవత్సరాలు ఆ కాలంలో 1957, 1963, 1968, 1974. చెల్లాయి పుట్టింది 1961లో, ఫోటోలో రెండేళ్ల పిల్లలా ఉంది కాబట్టి అది 1963 నాటిది. పాత క్యాలెండర్‌ను తీయకుండా వదిలేసే ఇళ్లు ఉంటాయి కనుక క్యాలెండర్ ఒక్కదాన్నే నమ్మలేము, ఇక్కడ పాప వయసు కూడా సరిపోయింది. కుడి అంచున, ఇప్పుడు పడమటి గది ఉన్న చోట ఉత్త ఖాళీ స్థలమే ఉంది. అంటే ఆ గదిని ఆ తరువాతే కట్టారు. ఇల్లు ఎప్పుడు పెరిగిందో చెప్పిన ఆ రెండు అంచులూ నాకు వచ్చిన స్కాన్‌లో లేవు. అందుకే ఈసారి దేన్నీ కత్తిరించవద్దు, ఫోటో చుట్టూ ఉన్న తెల్ల అంచుతో సహా స్కాన్ చెయ్యి.

ఫోటోలు బయటికి తీసే ముందు ఆల్బమ్‌లోని ప్రతి పేజీనీ ఉన్నది ఉన్నట్టుగా ఒకసారి ఫోన్‌తో తీసి ఉంచు. ఏ ఫోటో దేని పక్కన ఉందో తెలిస్తే, తేదీ లేని వాటి కాలం అంచనా వేయడం సులువవుతుంది. పేజీకి అతుక్కున్న వాటిని గోటితో లాగవద్దు. పళ్ల సందులు శుభ్రం చేసుకునే సన్నని దారాన్ని కిందికి పోనిచ్చి మెల్లగా అటూ ఇటూ జరిపితే చాలావరకు ఊడివస్తాయి, రాకపోతే పేజీతోనే స్కాన్ చెయ్యి. ఫ్రేమ్ అద్దానికి అంటుకుపోయిన ఫోటోను మాత్రం అసలు వేరు చేయవద్దు. బొమ్మ ఉన్న పై పొర అద్దానికే ఉండిపోతుంది, ఇక దాన్ని ఎవరూ బాగుచేయలేరు.

స్కానర్‌లో 600 డీపీఐ పెట్టు. 4 అంగుళాలకు 6 అంగుళాల ఫోటో అప్పుడు 2400కి 3600 పిక్సెళ్లు అవుతుంది, క్యాలెండర్ వంటి చిన్న వివరాన్ని పెద్దది చేసి చూడటానికి అది సరిపోతుంది. అరచేతిలో ఇమిడే చిన్న ఫోటోలకు 1200 పెట్టు. నలుపు తెలుపు ఫోటో అయినా రంగుల్లోనే స్కాన్ చెయ్యి, ఎందుకంటే మరక ఏదో, సిరా గీత ఏదో రంగును బట్టే తెలుస్తుంది. రంగులను దానంతటదే సరిదిద్దే సదుపాయం ఉంటే దాన్ని ఆపెయ్యి. వెలిసిపోయిన దాన్ని తరువాత నేను సరిచేసుకోగలను కానీ, యంత్రం చెరిపేసిన వివరాన్ని తిరిగి తేలేను.

ప్రతి ఫోటో వెనుక వైపును కూడా, ఏమీ లేదనిపించినా స్కాన్ చెయ్యి. స్టూడియో ముద్ర, పెన్సిల్‌తో వేసిన అంకె, బాబాయి చేతిరాత, అన్నీ అక్కడే ఉంటాయి. రెండు వైపులకూ ఒకే సంఖ్య వేసి `illu_07_mundu.tif`, `illu_07_venuka.tif` అని పేరు పెడితే తరువాత తికమక ఉండదు.

పంపేటప్పుడు వాట్సాప్‌లో ఫోటోగా పంపితే అది కుదించుకుపోతుంది, డాక్యుమెంట్‌గా పంపు, లేదా డ్రైవ్‌లో ఒక ఫోల్డర్ పెట్టి నాకు అనుమతి ఇవ్వు. నేను చెప్పిన కొలతతో కుదించని టిఫ్ ఫైలు దాదాపు 26 ఎంబీ ఉండాలి. నాకు చేరినది కొన్ని వందల కేబీలే ఉంటే, దారిలో ఎక్కడో కుదించుకుపోయిందని అర్థం.

ఇప్పుడున్న వాళ్లెవరైనా తమ ఫోటో బంధువులందరికీ పంచవద్దని అంటే ఆ సంఖ్య పక్కన రాసి పెట్టు, దాన్ని నా దగ్గరే ఉంచుకుంటాను. మొత్తం ఆల్బమ్ మొదలుపెట్టే ముందు పిన్ని ఫోటో ఒక్కటే రెండు వైపులా స్కాన్ చేసి పంపు. క్యాలెండర్‌లో అంకెలు చదవగలిగితే వెంటనే ఫోన్ చేస్తాను, అప్పుడు మిగతావి మొదలుపెట్టు.

మీ అన్నయ్య