దండానికి దండం చెప్పాకే ‘చెప్పండి’

“గుంటూరు నుంచి బదిలీ మీద హన్మకొండ వచ్చి మూడు నెలలైంది. ఆఫీసుకు వచ్చేవాళ్లు ‘నమస్తే సారూ’, ‘దండాలు’, ‘సలాం సాబ్’ అని ఆగిపోతారు. పనేంటో చెప్పరు. నేను ‘చెప్పండి’ అంటే చిన్నబుచ్చుకుంటున్నారు. ఏమని బదులివ్వాలి?”

వాళ్లు ఆగిపోవడం లేదు, మీ వంతు కోసం చూస్తున్నారు. మీరు దండానికి దండం చెప్పకుండా ‘చెప్పండి’ అంటే, ఎదుటి మనిషికి వినపడేది ‘పనుంటే కానిచ్చుకొని పో’ అని. చివర ‘అండి’ ఉంది కదా, మర్యాద అందులోనే ఉందని మీరనుకుంటారు. ఇటు ‘అండి’ కంటే వరసకు బరువెక్కువ. సారూ, అన్నా, అక్కా, కాకా, బాపూ, అవ్వా. వీటిలో ఒకటి తగలకపోతే ఎంత శుద్ధమైన తెలుగైనా నోటీసు చదివినట్టే ఉంటుంది.

పరకాల వైపు నుంచి అరవై దాటిన రైతు వచ్చాడనుకోండి. పాసుపుస్తకంలో పేరు తప్పు పడింది, అదీ పని. గుమ్మం బయట చెప్పులు విడుస్తాడు, తలకు చుట్టిన తువ్వాల తీసి చేతిలో పట్టుకుంటాడు, ‘దండాలు సారూ’ అంటాడు. మీరు చేయాల్సింది ముందు పెన్ను కింద పెట్టడం. పెన్ను పట్టుకొని ఒక చేయి నుదుటి దాకా లేపితే అది దండం కాదు, ఈగను తోలినట్టు. రెండు చేతులూ ఖాళీ లేకపోతే కుడిచేయి ఛాతీ మీద పెట్టి కొంచెం తల వంచండి, చాలు. ఎంగిలి చేయి అయితే అసలు చేయి లేపొద్దు, నోటితో అనండి. తర్వాత ఆయన వాడిన మాటనే తిరిగి ఇవ్వండి: ‘దండాలు బాపూ, రండి, కూర్చోండి.’ ఆయన ‘దండాలు’ అంటే మీరు ‘గుడ్ మార్నింగ్’ అనడం, ఆయన బియ్యం ఇస్తే మీరు చిల్లర ఇచ్చినట్టుంటుంది.

ఇక్కడ కొత్తవాళ్లు చేసే తప్పులు రెండు. ఊళ్లో వాళ్లు బాపును ‘నువ్వు’ అనడం విని తామూ ‘మంచిగున్నవా బాపూ’ అంటారు. ఊరివాడి నోట అది చనువు, కుర్చీలో కూర్చున్న అధికారి నోట అది పెత్తనం. ‘మంచిగున్నరా’ అనండి. రెండోది, యాసను అనుకరించడం. నాలుక తిరగని ‘కూసోండ్రి’ వెక్కిరింపులా వినపడుతుంది. మీ మాట మీరు మాట్లాడండి, వరస మాత్రం ఇక్కడిది వాడండి. వయసు అంచనా తెలియకపోతే ‘అన్నా’, ‘అక్కా’ ఎప్పుడూ తప్పు కావు. యాభై ఏళ్లాయనను ‘తాతా’ అంటే ఆ పని ఇక తేలదు.

‘మంచిగున్నరా’ తర్వాత కాసేపు ఊరుకోండి. నూటికి తొంభై మంది తామే ‘ఒక చిన్న పనుండె సారూ’ అని మొదలుపెడతారు. మొదలుపెట్టకపోతే ‘ఏ ఊరు బాపూ?’ అనండి. ఊరు పేరు చెప్పగానే వానో, చెరువో, బస్సో ఏదో ఒక ముచ్చట కదులుతుంది, దాని వెనకే పని వస్తుంది. ఊరు దగ్గరే ఆగండి. ‘ఎవరి ఇంట్ల?’, ‘ఇంటిపేరేంది?’ అని తవ్వేవాళ్లు కులం కోసం తవ్వుతారని అందరికీ తెలుసు. అంతా కలిపి అర నిమిషం పట్టదు. వరుసలో పదిమంది ఉన్నా సరే, దండానికి బదులు వాయిదా వేయకూడదు, పనికే వాయిదా: ‘దండాలు బాపూ, ఈ అన్న పని కాగానే మీది చూస్తా.’

తేడా కొట్టిందని ఎలా తెలుస్తుందంటే, కుర్చీ చూపినా కూర్చోరు, కాగితాలు టేబుల్ మీద పెట్టి నిలబడతారు. ‘సారూ’ కాస్తా ‘సార్’ అవుతుంది. లేదా ‘ఏం లేదు సార్, మళ్లొస్త’ అంటారు. మళ్లీ రారు, తెలిసినవాణ్ని పట్టుకొని వస్తారు. ఆఫీసుల్లో దళారులు ఇలా కూడా పుడతారని నా గట్టి నమ్మకం.

దీని మూలం పాతది. దొరల కాలంలో ఇక్కడ ‘నీ బాంచెన్, కాల్మొక్త’ అన్నవాడికి బదులు దండం రాలేదు. మొక్కేవాడు మొక్కాలి, దొర ‘ఊఁ’ అనాలి. పుస్తకాల్లోనూ సమానం లేదు. ప్రత్యభివాదంలో, అంటే దండానికి బదులు దీవెన చెప్పేటప్పుడు, చివరి అచ్చును సాగదీసి పలకాలని పాణిని సూత్రం ఉంది, శూద్రుడికి మాత్రం అక్కర్లేదని ఆ సూత్రంలోనే ఉంది. 1946 నుంచి 1951 దాకా సాయుధ పోరాటం నడిచిన జిల్లాల్లో, కుర్చీలోంచి వచ్చే ‘ఊఁ’ ఇవాళ్టికీ చెవికి గుచ్చుకుంటుంది.

దేవుడి పేరుతో వచ్చే పలకరింపులకు భయపడనక్కర్లేదు, అక్కడ పని ఇంకా సులువు. ‘అస్సలాము అలైకుమ్’ అంటే ‘వాలేకుం సలాం’. కొరాన్ నాలుగో సూరా 86వ వాక్యం చెప్పేది, పలకరింపుకు అంతకంటే మంచిది ఇవ్వండి, లేదా అదే తిరిగి ఇవ్వండి అని. అందుకే వాళ్లలో వాళ్లు ‘వ రహ్మతుల్లాహ్’ అని ఒక మెట్టు పెంచి బదులిస్తారు. మీరు అంతదూరం పోనక్కర్లేదు. ఖాజీపేట దర్గాకు పోయే ఊరు ఇది, మీ నోట ‘సలాం భాయ్’ కొత్త కాదు. ముస్లిం పెద్దాయనే మీకు ‘నమస్తే’ అంటే మాత్రం ‘నమస్తే’ అనే అనండి. ఆయన మీ మాట వాడాడు, దాన్ని సలాంగా మార్చి ‘నువ్వు ఎవరో నాకు తెలుసు’ అని గుర్తు చేయొద్దు. చర్చికి పోయేవాళ్లు ‘వందనాలు’ అంటే ‘వందనాలు’. ‘జై భీమ్’ అంటే ‘జై భీమ్’ అనొచ్చు. అనలేకపోతే చేతులు జోడించి ‘నమస్తే అన్నా’ అనండి, ముఖం తిప్పుకోకండి.

మాల వేసుకున్నవాళ్ల దగ్గర వయసు లెక్క తిరగబడుతుంది. కార్తీకంలో మీ అటెండరు నల్లబట్టలతో ‘స్వామి శరణం’ అంటే మీరు ‘స్వామి శరణం’ అనాలి, ఆ మండలం నలభై ఒక్క రోజులూ పేరు పెట్టి పిలవకుండా ‘స్వామీ’ అనే పిలవాలి. కన్నతండ్రే కొడుకు కాళ్లకు మొక్కే రోజులవి. కొండగట్టుకు పోయే హనుమాన్ దీక్ష స్వాములదీ ఇదే పద్ధతి. మాల తీసిన మర్నాడు ఆయన మళ్లీ మీకు ‘నమస్తే సారూ’ అంటాడు, మీరు మళ్లీ పేరుతో పిలవొచ్చు.

ఫోన్లో ఉత్త ‘నమస్తే అన్నా’ అని మెసేజ్ పెట్టి ఊరుకునేవాళ్లకూ ఇదే లెక్క. ‘నమస్తే తమ్మీ, మంచిగున్నవా’ అని రాయండి. జోడించిన చేతుల బొమ్మ ఒక్కటే పంపితే ‘సరే, ఇక చాలు’ అని చదువుకుంటారు. సంతాపానికీ, సరుకుల లిస్టుకూ అదే బొమ్మ పంపి పంపి దాని విలువ మనమే తీసేశాం.

చావు జరిగిన ఇంటికి పోతే మాత్రం పైవేవీ పనికిరావు. అక్కడ ఎవరికీ నమస్తే అనరు, ‘మంచిగున్నరా’ అని అసలే అడగరు. కాసేపు కూర్చొని, లేచేటప్పుడు ‘పోయొస్త’ అనకుండా వచ్చేస్తారు.