మాటకీ స్లైడుకీ అంకెలు కలవనప్పుడు నోట్సులో ఏది రాయాలి?

ప్రశ్న: కావలిలో జరిగిన రొయ్యల సాగు ప్రసంగం రికార్డింగుకి ట్రాన్స్‌క్రిప్ట్ తీశాను. వక్త స్లైడ్ల పీడీఎఫ్ కూడా నా దగ్గరుంది. రెండూ కలిపి రైతులకి పంచే నోట్సు చేయాలి. చాలాచోట్ల ఆయన చెప్పింది ఒకటి, స్లైడులో ఉంది ఇంకొకటి. దేన్ని నమ్మాలి?

జవాబు: స్లైడే కరెక్ట్ అనో, మాటే కరెక్ట్ అనో ముందే గీత గీసుకోకండి. తేడా ఎందుకొచ్చిందో కనిపెడితే ఏది రాయాలో చాలావరకు తేలిపోతుంది. అల్లూరు వైపు మా బాబాయి వాళ్ళకి రొయ్యల గుంటలున్నాయి. వాళ్ళ రైతుల గ్రూపు కోసం నేనూ ఒక ప్రసంగానికి ఇలాంటి నోట్సు చేశాను, ఆ ఉదాహరణలే చెప్తాను.

ముందు ఏ మాట ఏ స్లైడు మీద ఉండగా చెప్పారో తెలియాలి. అందుకే ట్రాన్స్‌క్రిప్ట్‌లో టైమ్ ఉండాలి, ఉత్త పేరాలైతే కష్టం. వీడియోలో స్లైడు స్క్రీన్ నేరుగా రికార్డయి ఉంటే ffmpeg అనే వీడియో ప్రోగ్రాంలో ఈ కమాండ్ స్లైడు మారిన ప్రతిచోటా ఒక బొమ్మ తీసి పెడుతుంది:

```
ffmpeg -i talk.mp4 -vf "select='gt(scene,0.1)',showinfo" -fps_mode vfr slide_%03d.png
```

ఆ బొమ్మ ఎన్నో సెకనుదో టెర్మినల్‌లో `pts_time` పక్కన కనిపిస్తుంది. తెల్ల బ్యాక్‌గ్రౌండ్ స్లైడ్లయితే మార్పు తక్కువ కాబట్టి 0.1 కంటే ఇంకా తగ్గించాల్సి రావచ్చు. హాల్లో వెనక కూర్చుని ఫోనుతో తీసిన వీడియో అయితే ఇది పనిచేయదు, చూస్తూ చేత్తో రాసుకోవడమే.

ఈ బొమ్మల్ని పీడీఎఫ్ పక్కన పెట్టి చూడండి. దీన్ని చాలామంది వదిలేస్తారు. ప్రసంగం అయ్యాక పంపే పీడీఎఫ్, ఆ రోజు తెర మీద వేసిందీ ఒకటే కానక్కర్లేదు. ఆయన తర్వాత దిద్ది పంపి ఉండొచ్చు, లేదా పాత కాపీ పంపి ఉండొచ్చు. మాట ఆ రోజు తెరతో కలిసి పీడీఎఫ్‌తోనే కలవకపోతే, అది మాటకీ స్లైడుకీ తేడా కాదు, రెండు స్లైడు కాపీల మధ్య తేడా. రెండిట్లో ఏది కొత్తదో ఆయన్నే అడగాలి.

ఇప్పుడు అసలు తేడాల సంగతి. నన్ను బాగా తిప్పింది అమ్మోనియా. స్లైడులో "అమ్మోనియా 0.1 పీపీఎం లోపు" అని ఉంది. ట్రాన్స్‌క్రిప్ట్‌లో "అమ్మోనియా ఒకటి దాకా వచ్చినా కంగారు పడొద్దు" అని ఉంది. పది రెట్ల తేడా! పైపైన చూస్తే చుక్క ఎక్కడో జారిపోయిందనే అనిపిస్తుంది. ఆడియో విన్నాను, "ఒకటి" అని స్పష్టంగానే అన్నారు. అయితే దానికి రెండు వాక్యాల ముందు "మీరు కిట్టుతో చూసుకున్నప్పుడు" అన్న మాట ఉంది. గుట్టు అక్కడుంది. రైతులు వాడే రంగు కిట్టు చూపించేది మొత్తం అమ్మోనియా. అందులో రొయ్యని చంపేది అయనీకరణం చెందని అమ్మోనియా, అంటే NH3 భాగం మాత్రమే. స్లైడులోని 0.1 దానికి పెట్టిన హద్దు.

రెండూ పొసుగుతాయో లేదో లెక్క వేసి చూడొచ్చు. నీళ్ళు 30 డిగ్రీల దగ్గర, పీహెచ్ 8 ఉంటే మొత్తం అమ్మోనియాలో NH3 సుమారు 7 నుంచి 8 శాతం. కిట్టులో 1 వస్తే విషపు భాగం దాదాపు 0.075, హద్దు లోపలే. అంటే మాటా నిజమే, స్లైడూ నిజమే. కానీ అదే నీటిలో పీహెచ్ 9కి పోతే NH3 వాటా సుమారు 45 శాతం అవుతుంది. అప్పుడు కిట్టులో అదే 1 అంటే 0.45, హద్దుకి నాలుగు రెట్లు పైనే. ఇది మంచినీటి లెక్క, ఉప్పునీటిలో కొంచెం తగ్గుతుంది. ఎండ బాగా కాసి నాచు ఎక్కువున్న గుంటలో మధ్యాహ్నానికి పీహెచ్ పెరుగుతుందని రైతులకి తెలిసిందే. కాబట్టి "ఒకటి దాకా పర్లేదు" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే ప్రమాదం. నేను నోట్సులో ఇలా రాశాను: "కిట్టులో మొత్తం అమ్మోనియా 1 పీపీఎం దాకా పర్వాలేదు, పీహెచ్ 8 దగ్గర ఉంటేనే. పీహెచ్ పెరిగితే ఇదే అంకె ప్రమాదం. అసలు హద్దు విషపు అమ్మోనియా 0.1 పీపీఎం." ఈ వాక్యాలు స్లైడులోనూ లేవు, ఆయన నోటి నుంచి ఈ రూపంలోనూ రాలేదు. అందుకే రాశాక ఆయనకి చూపించి ఒప్పుకున్నాకే ఉంచాను.

రెండోది ట్రాన్స్‌క్రిప్ట్ చేసిన పని. స్లైడులో "డీవో 4 పీపీఎం పైన" అని, ట్రాన్స్‌క్రిప్ట్‌లో "డీవో మూడుకి వచ్చింది, అంతే" అని ఉంది. డీవో అంటే నీళ్ళలో కరిగిన ఆక్సిజన్. వింటే ఆయన అన్నది "తెల్లవారుజామున డీవో మూడుకి వచ్చిందంటే ఆలస్యమైనట్టే". తెలుగులో వాక్యం తలకిందులయ్యేది చివర్లోనే. "తగ్గాలి", "తగ్గకూడదు" తేడా అంతా క్రియ తోకలో ఉంటుంది. మాట్లాడేవాళ్ళు అక్కడే గొంతు దించుతారు, హాల్లో ఫ్యాన్ల రొద అక్కడే మింగేస్తుంది. అందుకని అంకె ఉన్న ప్రతి వాక్యాన్నీ, చివర "కూడదు", "లేదు", "తేనే" రావాల్సిన ప్రతి వాక్యాన్నీ చెవితో వినాల్సిందే. మిగతాది చదివి దిద్దితే చాలు. గంట ప్రసంగం మొత్తం మళ్ళీ వినాలని టెన్షన్ పడక్కర్లేదు.

మూడో రకంలో ఆయన కావాలనే వేరేగా చెప్తారు. గుంటలో రొయ్య పిల్లలు వేసే లెక్క స్లైడులో చదరపు మీటరుకి 60 అని ఉంది. నోటితో "మన గుంటలకి నలభై దాటించొద్దు" అన్నారు. 60 అనేది వెనామీ రకం రొయ్యకి కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ నిబంధనల్లోని గరిష్ఠ పరిమితి. 40 ఆయన సలహా. ఇక్కడ ఒకటి తీసేసి ఇంకొకటి ఉంచకూడదు, సగటు అయితే అసలే తీయకూడదు. "నిబంధన: 60కి మించరాదు. వక్త సలహా: 40" అని రెండూ పేరు పెట్టి రాయండి.

కొన్ని తేడాలు కొలతలవే. సున్నం స్లైడులో హెక్టారుకి 100 కేజీలు, మాటలో ఎకరాకి 40 అన్నారు. హెక్టారు అంటే 2.47 ఎకరాలు, రెండూ ఒకటే. రైతులకి పంచే నోట్సులో ఎకరం లెక్క ఒక్కటే చాలు.

వరస విషయానికొస్తే స్లైడ్ల హెడ్డింగులనే అస్థిపంజరంగా పెట్టుకుని మాటని దాని కింద నింపండి. చివర్లో ప్రశ్నలకి చెప్పిన జవాబుల్ని చివర్లోనే వదిలేయకండి. అమ్మోనియా గురించి ఎవరో అడిగితే ఆయన చెప్పింది అమ్మోనియా హెడ్డింగు కిందికే పోవాలి.

ఎంత విన్నా తేలనివి కొన్ని మిగులుతాయి. వాటిని ఒక్క మెసేజ్‌లో కలిపి వక్తకి పంపండి: స్లైడు నంబరు, వీడియోలో టైమ్, రెండు రూపాలూ రాసి "ఏది ఉంచమంటారు సార్?" అని అడగండి. "కాస్త చూసి చెప్పండి" అని మొత్తం నోట్సు పంపితే ఎవరూ చదవరు. జవాబు వచ్చేలోపు నోట్సు పంచాల్సి వస్తే ఆ అంకె దగ్గర ఖాళీ వదిలి "వక్తని అడిగాం" అని రాయండి. మొదటి పేజీ పైన తేదీ వేయడం మర్చిపోకండి. దిద్దిన కాపీ వచ్చాక కూడా పాత పీడీఎఫ్ వాట్సాప్‌లో తిరుగుతూనే ఉంటుంది, ఏది కొత్తదో ఆ తేదీ చూసే తెలుసుకుంటారు.