గర్భిణికి ఆగని కక్కుడు: ఇంకో గ్లూకోజ్ బాటిల్ కంటే ముందు బీ1

"మా చెల్లెకు పదకొండో వారం. మూడు వారాల నుంచి ఏం తిన్నా, ఏం తాగినా కక్కుతుంది. 52 కిలోలు ఉండె, ఇప్పుడు 47.5. ఊళ్లె ఆర్ఎంపీ రోజూ ఒక గ్లూకోజ్ బాటిల్ పెడుతున్నడు, అయినా నీరసం తగ్గుతలేదు. ఇంట్ల అందరికీ ఉండే వేవిళ్లే అంటున్నరు. వరంగల్ తీస్కపోవాల్నా? మాది పరకాల దగ్గర."

తీస్కపోండి, ఈ రోజే. పోయేదాకా ఇంకో గ్లూకోజ్ బాటిల్ మాత్రం పెట్టనియ్యకండి.

ముందు బరువు సంగతి చూడండి. కడుపుతో కాకముందున్న బరువులో నూటికి 5 వంతులకు మించి తగ్గి, తిన్నది తాగినది లోపల నిలవకపోతే దాన్ని వేవిళ్ల లెక్కలో వెయ్యొద్దు. డాక్టర్లు దాన్ని హైపరెమెసిస్ అంటరు. 52 కిలోల మనిషికి ఆ హద్దు 2.6 కిలోలు. మీ చెల్లె 4.5 కిలోలు తగ్గింది, అంటే 9 శాతానికి దగ్గర. మామూలు వేవిళ్లలో పొద్దున కక్కినా, మధ్యాహ్నానికి ఇంత సల్లబువ్వ అయినా లోపల నిలుస్తది. "మాకు కాలేదా, మేం కక్కుకుంటనే నాట్లెయ్యలేదా" అని ఇంట్ల పెద్దోళ్లు అంటరు. వాళ్లు చెప్పేది నిజమే, కానీ వాళ్లకు తిన్నదాంట్ల సగమన్నా నిలిచింది. ఈ పిల్లకు నీళ్లు కూడా నిలుస్తలేవు. ఇంకో మాట, ఇది గారాబం కాదు, మొండితనం అసలే కాదు. మాయ నుంచి జీడీఎఫ్15 అనే హార్మోన్ తల్లి రక్తంలోకి వస్తది. కడుపుతో కాకముందు ఆ హార్మోన్ తక్కువగా ఉన్న ఆడవాళ్లకు, అది ఒక్కసారి పెరిగేసరికి కక్కుడు ఎక్కువైతదని 2023లో పరిశోధకులు చూపించిన్రు. "మనసు గట్టి చేస్కో" అంటే తగ్గే రోగం కాదిది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తా. మన దిక్కు నీరసమంటే గ్లూకోజ్, వాంతులంటే గ్లూకోజ్. ఆ అర లీటర్ బాటిల్‌లో ఏముంటదో చూడండి. 5 శాతం డెక్స్‌ట్రోస్ అంటే 25 గ్రాముల చక్కెర, మిగతాదంతా నీళ్లు. ఒక అరటిపండంత బలం కూడా రాదు. ఉప్పు లేదు, పొటాషియం లేదు. కక్కుడులో ఒంట్లకెళ్లి పోయేది ఉప్పు, పొటాషియం, నీళ్లు. చక్కెర కరిగిపోయినంక మిగిలేది ఉత్త నీళ్లే కాబట్టి రక్తంలో సోడియం ఇంకా పలచబడతది. చక్కెరతో పాటు ఉన్న కొద్ది పొటాషియం కూడా రక్తం వదిలి కణాల్లోకి పోతది. అందుకే బాటిల్ మీద బాటిల్ ఎక్కుతున్నా కాళ్లు పీకుడు, నీరసం అట్లనే ఉంటయి.

దీనికంటే పెద్ద ప్రమాదం బీ1 విటమిన్‌తో, అంటే థయామిన్‌తో. మన ఒంట్లో దాని నిల్వ చాలా తక్కువ. తిండి పడకపోతే రెండు మూడు వారాల్లోనే అడుగంటుతది. కడుపుతో ఉన్నప్పుడు అవసరం పెరుగుతది కాబట్టి ఇంకా తొందరగా అయిపోతది. పైగా మనం తినేది పాలిష్ పట్టిన బియ్యం, దాన్ని నాలుగు సార్లు కడిగి గంజి వార్చి తింటం, కాబట్టి మొదటి నుంచే నిల్వ అంతంత మాత్రం. చక్కెరను శక్తిగా మార్చాలంటే బీ1 కావాలె. అది లేని మనిషికి నరంలో గ్లూకోజ్ ఎక్కిస్తే, మిగిలిన ఆ కాస్త బీ1 కూడా అక్కడే ఖర్చయిపోతది. అప్పుడు మెదడులో కండ్ల కదలికను, నడకను, జ్ఞాపకాన్ని చూసుకునే భాగాలు దెబ్బతింటయి. దీన్ని వెర్నికే ఎన్‌సెఫలోపతి అంటరు. తొందరగా పట్టుకుంటే బీ1తో తిరుగుతది. ఆలస్యమైతే జ్ఞాపకశక్తి శాశ్వతంగా పోవచ్చు, కడుపు కూడా పోవచ్చు.

ఇది మొదలైందా లేదా అనేది ఇప్పుడే ఇంట్ల చూడొచ్చు. మీ చెల్లెను కూర్చోబెట్టి, తల కదపకుండా మీ వేలిని కండ్లతోనే చూడుమనండి. వేలిని మెల్లగా కుడికి, ఎడమకు, పైకి జరపండి. వేలు ఆగినచోట కండ్లు నిలవకుండా టకటకా కొట్టుకుంటున్నయా? ఒక కన్ను బయటి దిక్కు పోతలేదా? ఒక వేలు రెండుగా కనిపిస్తుందంటున్నదా? తర్వాత పక్కన ఒకరు పట్టుకొని నాలుగడుగులు నడిపించండి. కాళ్లు ఎడంగా వేసి తూలుతుందా చూడండి. ఈ రోజు ఏ వారం, పొద్దున ఎవరొచ్చిన్రు అని అడగండి. వీటిలో ఏ ఒక్కటి తేడా ఉన్నా "నీరసానికి కండ్లు తిరుగుతున్నయి" అనుకోవద్దు. 108కు ఫోన్ చేసి నేరుగా ఎంజీఎం క్యాజువాలిటీకి పోండి, ఎందుకంటే జనరల్ మెడిసిన్ డాక్టర్ కూడా చూడాలె. మూడూ కలిసి కనిపించేదాకా ఆగొద్దు. చాలా మందిలో ఒకటో రెండో మాత్రమే కనబడతయి.

ఇవేవీ లేకపోతే హనుమకొండ ప్రభుత్వ ప్రసూతి ఆస్పత్రికో వరంగల్ సీకేఎంకో తీస్కపోవచ్చు. అక్కడ జరగాల్సిన క్రమం మీకు తెలిసుంటే మంచిది. ముందు రక్తం తీసి సోడియం, పొటాషియం, క్రియాటినిన్, లివర్, షుగర్ చూస్తరు. ఇంతకుముందు స్కాన్ కాకపోతే చేస్తరు, ఎందుకంటే కవలలున్నా, మాయ బుడగల లెక్క పెరిగే ముత్యాల గర్భం ఉన్నా కక్కుడు ఇట్లనే ఎక్కువైతది. మూత్రంలో కీటోన్స్ చూసుడు మన దగ్గర అలవాటు. కానీ కీటోన్స్ లేవు కాబట్టి బాగానే ఉందని ఇంటికి పంపితే ఒప్పుకోకండి. రోగం తీవ్రతకు అది కొలత కాదని 2024లో బ్రిటన్ ప్రసూతి వైద్యుల కళాశాల మార్గదర్శకాల్లో స్పష్టంగానే రాసిన్రు. బరువు, మూత్రం ఎంత వస్తుంది, నోట్లకెళ్లి ఏమన్నా నిలుస్తుందా, ఇవే కొలతలు.

ఎక్కించాల్సింది 0.9 శాతం నార్మల్ సెలైన్. మూత్రం వస్తుందని చూసుకొని, పొటాషియం రిపోర్టును బట్టి, సెలైన్‌లో పొటాషియం క్లోరైడ్ కలుపుతరు. 10 మిల్లీలీటర్ల ఆంపూల్‌లో 20 మిల్లీఈక్వివలెంట్లు ఉంటయి. దాన్ని కలిపి మెల్లగనే ఎక్కియ్యాలె, మామూలు వార్డులో గంటకు 10 దాటొద్దు. సిరంజితో నేరుగా నరంలోకి తోస్తే గుండె ఆగుతది. సోడియం బాగా పడిపోయి ఉంటే దాన్ని కూడా ఒకే రోజు గబగబా పెంచకూడదు, అట్ల చేస్తే మెదడు కాండం దెబ్బతింటది. గ్లూకోజ్ అవసరం పడితే బీ1 ఎక్కినంకనే.

థయామిన్ మామూలుగా 100 మిల్లీగ్రాములు సెలైన్‌లో కలిపి అరగంటలో ఎక్కిస్తరు, రోజూ. వెర్నికే అనుమానం ఉంటే ఆ డోసు చాలదు, 500 మిల్లీగ్రాములు రోజుకు మూడు సార్లు కావాలె. ఇక్కడ ఒక మోసపోయే సంగతి ఉంది. ఆర్ఎంపీలు బాటిల్‌లో ఒక ఇంజెక్షన్ కొట్టంగనే నీళ్లు పసుపు పచ్చగా మారుతయి. "విటమిన్లు కూడా వేసిండు" అని ఇంట్లోళ్లు ధైర్యంగా ఉంటరు. ఆ పసుపు బీ2 రంగు. బీ1కు రంగే లేదు. కాబట్టి రంగు చూసి నమ్మొద్దు. ఆంపూల్ పారెయ్యకముందు అడిగి తీసుకొని, థయామిన్ ఎన్ని మిల్లీగ్రాములు అని దాని మీద చదవండి. ఆ ఖాళీ ఆంపూళ్లు, బాటిళ్లు సంచిలో వేసుకొని ఆస్పత్రికి పట్టుకపోండి. ఇప్పటిదాకా ఏం ఎక్కిందో డాక్టర్‌కు ఒక్క చూపులో తెలుస్తది.

ఇక వాంతుల మందులు. మొదట ఇచ్చేది డాక్సిలమిన్, పైరిడాక్సిన్ కలిసిన గోలీ, ఒక్కోటి 10 మిల్లీగ్రాములు. దీన్ని చాలా మంది పొద్దున కక్కినంక వేసుకొని "పని చేస్తలేదు" అంటరు. ఇది నెమ్మదిగా కరిగే గోలీ, అందుకే రాత్రి పడుకునే ముందు రెండు వేసుకోవాలె. చాలకపోతే పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి డాక్టర్ కలుపుతరు, రోజుకు నాలుగు దాటవు. నమలొద్దు, పొడి చెయ్యొద్దు. నిద్రమత్తు వస్తది. దీనికి తగ్గకపోతే ఆన్‌డాన్‌సెట్రాన్ ఇస్తరు. మొదటి మూడు నెలల్లో అది వాడితే గ్రహణం మొర్రి వస్తదని భయపెడతరు. ఆ ప్రమాదం ఉన్నా, పదివేల కాన్పులకు మూడు కేసులు అదనంగా వచ్చేంత చిన్నది. రోజూ నీళ్లు కూడా నిలవని తల్లికి మందు ఆపుడే పెద్ద ప్రమాదం. అసలు జాగ్రత్త ఇంకోచోట ఉంది. పొటాషియం తక్కువున్నప్పుడు ఈ మందు గుండె లయను చెడగొట్టొచ్చు కాబట్టి ముందు ఈసీజీ చూడాలె. మెటోక్లోప్రమైడ్ ఇస్తే ఐదు రోజులు దాటించరు. దానితో కొందరికి దవడ పక్కకు తిరుగుతది, కండ్లు పైకి పోతయి. గాలి సోకిందని తాయెత్తులు కట్టిచ్చే ఇండ్లు ఇప్పటికీ ఉన్నయి. అది మందు వల్లనే, విరుగుడు ఇంజెక్షన్‌తో తొందరగానే తగ్గుతది.

అడ్మిట్ చేస్తే రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇంజెక్షన్ కూడా రాస్తరు. గర్భం, నీళ్లు తగ్గుడు, మంచం మీదనే పడుకునుడు, మూడూ కలిస్తే కాలి నరంలో గడ్డ కట్టే అవకాశం పెరుగుతది. థైరాయిడ్ రిపోర్టులో టీఎస్‌హెచ్ తక్కువొచ్చిందని కూడా వెంటనే కంగారు పడొద్దు, గర్భం హార్మోన్ వల్ల అట్ల రావడం మామూలే, గొంతు గడ్డ, చేతుల వణుకు లేకపోతే చాలా మందికి మందు లేకుండనే సర్దుకుంటది.

ఇంటికొచ్చినంక థయామిన్ గోలీలు మానొద్దు. వాంతులు ఉన్నన్ని రోజులు 100 మిల్లీగ్రాములు మూడు పూటలా రాయించుకోండి. ఐరన్ గోలీ ఇప్పుడే మొదలుపెట్టి ఉంటే డాక్టర్‌ను అడిగి కొన్నాళ్లు ఆపండి, అది వికారం పెంచుతది. ఫోలిక్ యాసిడ్ మాత్రం ఉండాలె. ఒక గ్లాసు నీళ్లు ఒక్కసారి తాగిపియ్యకుండా పది నిమిషాలకు రెండు చెంచాల ఓఆర్ఎస్ పట్టియ్యండి. పోపు వాసన పడకపోతే వంటింటికి దూరంగా పడుకోబెట్టండి. ఇంట్ల ఎవరికీ ఇంతకంటే పెద్ద పని లేదు.

వారానికి రెండు సార్లు అదే తూకం మీద, అదే పూట బరువు చూసి తల్లీబిడ్డ కార్డులో రాయండి. మళ్లీ కిలో తగ్గినా, ఎనిమిది గంటలు మూత్రం రాకపోయినా, ఒక రోజంతా గోలీలు కూడా నిలవకపోయినా తిరిగి పోవాలె. చాలా మందికి 20 వారాలకల్లా తగ్గిపోతది. కడుపునొప్పి, జ్వరం, కామెర్లు, రక్తపు వాంతి వీటిలో ఏదున్నా అది వేరే రోగం కావొచ్చు, వేరుగా చూపియ్యాలె.