చెవి వెనక పెరిగిన కండను ఊరికే కోయించకండి

"మా పాపకు 17 ఏళ్లు. ఎనిమిది నెలల క్రితం చెవికి రెండో కుట్టు వేయించినం. ఇప్పుడు చెవి తమ్మె వెనక శనగ గింజంత గట్టిగా కండ పెరిగింది, దురద అంటోంది. దారం కట్టి బిగిస్తే ఎండి రాలిపోతుందని మా అత్తమ్మ అంటోంది. ఒక డాక్టర్ కోసేద్దాం అన్నారు. నా సిజేరియన్ కుట్టు కూడా లావెక్కింది కానీ అది అట్లనే ఉంది, పెరగట్లేదు. ఏం చేయాలి? మాది దేవరకొండ దగ్గర."

అక్కా, పాపది కెలాయిడ్‌లా ఉంది, అంటే గాయం మానాక కూడా ఆగకుండా పెరిగే కండ. ముందు ఆ దారం సంగతి ఆపండి. కోయించడం కూడా ఇప్పుడే వద్దు. నేను అలా కోయించుకుని ఏడాదికి పైగా బాధపడ్డాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

నల్గొండలో డిగ్రీ చదివేటప్పుడు నేనూ రెండో కుట్టు వేయించుకున్నాను. రెండు మూడు నెలలకు తమ్మె వెనక జొన్న గింజంత గట్టిగా తగిలింది. కమ్మ పడలేదేమో అనుకుని పసుపు, కొబ్బరినూనె రాశాను. ఏడాదికల్లా శనగ గింజంత అయింది. ఒక క్లినిక్‌లో మత్తు సూది ఇచ్చి పది నిమిషాల్లో కోసి మూడు కుట్లు వేశారు. తర్వాత ఏం చేయాలో ఒక్క మాట చెప్పలేదు. నెలన్నర దాకా చెవి నున్నగా ఉంది. మూడో నెలలో కుట్టు దగ్గర దురద మొదలైంది. ఎనిమిదో నెలకు రేగుపండంత గడ్డ. ముందున్న దానికంటే పెద్దది.

ఎందుకట్లా అయిందో తర్వాత చూసిన చర్మ డాక్టర్ చెబితే అర్థమైంది. గాయం మానేటప్పుడు చర్మం లోపలి కణాలు కొల్లాజెన్ అనే నారలాంటి పదార్థాన్ని తయారుచేసి ఆ ఖాళీని పూడుస్తాయి. మామూలుగా పని అయిపోగానే అవి నెమ్మదిస్తాయి, ఎక్కువైన నార కూడా నెలల్లో కరిగి మచ్చ చదునవుతుంది. కెలాయిడ్ వచ్చే ఒంట్లో ఆ ఆగడం ఉండదు. పైన గాయం మానినా లోపల వాపు, ఉడుకు మిగిలిపోతాయి, నార పోగవుతూనే ఉంటుంది. ఆ దురద, అప్పుడప్పుడు పొడిచినట్టుండే నొప్పి అందుకే. ఇలాంటి ఒంట్లో గడ్డను కోయడమంటే మొదటి సూది రంధ్రం కంటే పెద్ద గాయాన్ని కొత్తగా చేయడమే. వేరే చికిత్స ఏదీ జత చేయకుండా కోస్తే సగం మందికి, కొన్ని లెక్కల్లో అంతకంటే ఎక్కువ మందికి తిరిగి వస్తుంది. దారం బిగించినా అంతే. పులిపిరిలా రాలదు, అక్కడ పుండుపడి చీము పడుతుంది, ఆ పుండు మీద కండ మళ్లీ పెరుగుతుంది.

మీ సిజేరియన్ కుట్టు సంగతి వేరే. అది లావెక్కినా కోసిన గీత దాటి బయటికి రాలేదు కదా, అది మామూలుగా పెరిగిన మచ్చ. అలాంటివి ఏడాది, రెండేళ్లలో కొంత అణిగిపోతాయి కూడా. కెలాయిడ్ గాయం హద్దు దాటి పక్కన ఉన్న మంచి చర్మం మీదికి పాకుతుంది, దానంతట అది తగ్గదు. సూది బెజ్జం ఎంత, శనగ గింజ ఎంత? పాపది ఈ రకమే అనిపిస్తోంది. ఇది అంటుకునే రోగం కాదు, క్యాన్సర్ కాదు. యుక్తవయసులో ఎక్కువ, కుటుంబాల్లో నడుస్తుంది. మా నానమ్మకు భుజం మీద కాలిన మచ్చ ఇట్లాగే పెరిగి ఉండేది. నా చెవికి దానికి సంబంధం ఉందని మాకెవరికీ తోచలేదు.

నాకు చివరికి పనిచేసింది ఇది. మొదట కోత లేదు. ట్రయామ్సినలోన్ అనే స్టెరాయిడ్ మందును నాలుగు వారాలకోసారి నేరుగా గడ్డలోకే ఎక్కించారు, ఆరుసార్లు. మిల్లీలీటరుకు 40 మిల్లీగ్రాముల మందు అది. ఒక్కసారికి అర మిల్లీలీటరు కూడా పట్టలేదు. మొదటి సూది మాత్రం చాలా నొప్పి. గడ్డ చెక్కలా ఉంటుంది, మందు లోపలికి పోదు. ముందు ఐస్ పెట్టమని, మత్తు మందు కలపమని పాప తరఫున మీరే అడగండి. మూడో సూదికి దురద పోయింది. ఆరో సూదికి గడ్డ మెత్తబడి సగమైంది. చాలామందికి అక్కడితోనే చదునవుతుంది. నాది పెద్దది కాబట్టి కొంత మిగిలింది.

అప్పుడు కోశారు. కానీ ఈసారి కుట్లు వేసేటప్పుడే అంచుల్లో అదే మందు ఎక్కించారు, తర్వాత నెలనెలా మరో నాలుగుసార్లు. కుట్టు పూర్తిగా మానాక చెవికి రెండు వైపులా నొక్కే క్లిప్పు ఇచ్చారు. బిగుతు మరలతో సరిచేసుకునేలా ఉంటుంది, లోపల సిలికాన్ పొర. రోజుకు 12 గంటలకు తక్కువ కాకుండా ఆరు నెలలు పెట్టుకున్నాను, రాత్రంతా, ఇంట్లో ఉన్నప్పుడు కూడా. తమ్మె నల్లబడినా, తిమ్మిరెక్కినా బిగుతు ఎక్కువైనట్టు. తల తిప్పితే జారిపోతే తక్కువైనట్టు. నొక్కితే అక్కడికి రక్తం తక్కువగా వెళ్తుంది, కొత్త నార పోగవదు. చెవి తమ్మెకున్న అదృష్టం ఇదే, రెండు వైపుల నుంచి నొక్కొచ్చు. ఛాతీ మీదో భుజం మీదో వస్తే ఆ వీలుండదు, అందుకే అవి ఇంకా మొండివి.

మందుతో ఇబ్బందులు కూడా ఉన్నాయి. సూది వేసిన చోట చర్మం తెల్లగా పాలిపోయింది, మామూలు రంగు రావడానికి దాదాపు ఏడాది పట్టింది. ఎక్కువ వేస్తే చర్మం పలచబడి గుంట పడుతుంది. నాకు రెండు నెలలు నెలసరి అటూ ఇటూ అయింది, అది మందు వల్లేనని తెలియక టెన్షన్ పడ్డాను. పాపకు ముందే చెప్పి ఉంచండి. షుగర్ ఉన్నా, గర్భవతి అయినా డాక్టర్‌కు ముందే చెప్పాలి. ద్రవ నైట్రోజన్‌తో అతి చల్లగా గడ్డకట్టించే చికిత్స కూడా ఉంది కానీ మన రంగు చర్మం మీద తెల్ల మచ్చ పడే అవకాశం ఎక్కువ, నేను వద్దనుకున్నాను. కోత తర్వాత ఒకటి రెండు రోజుల్లోనే రేడియేషన్ ఇవ్వడం అన్నిటికీ లొంగని గడ్డలకు పెద్ద ఆస్పత్రుల్లో చేస్తారు. 17 ఏళ్ల పిల్లకు దాని దాకా పోవద్దు.

పాపది ఎనిమిది నెలలదే, శనగ గింజంతే. సూదులతోనే లొంగే దశ ఇది. ఆ కమ్మ తీసేయించండి, రాపిడి ఆగుతుంది. నల్గొండలో గానీ మహబూబ్‌నగర్‌లో గానీ మెడికల్ కాలేజీ ఆస్పత్రిలో చర్మ విభాగం ఓపీకి వెళ్లండి, "కెలాయిడ్‌లోకి సూది వేస్తారా, తర్వాత నొక్కే క్లిప్పు ఇస్తారా" అని ఈ రెండూ అడగండి. కోయడం ఒక్కటే చెబితే ఇంకొకరిని చూడండి. నెలకోసారి పక్కన రూపాయి బిళ్ల పెట్టి ఫోటో తీయండి, పెరుగుతోందో తగ్గుతోందో తేదీతో సహా కనిపిస్తుంది. రెండో చెవికి, ముక్కుకు కొత్త కుట్టు వద్దు. ముక్కుపుడక కావాలంటే నొక్కుడువి దొరుకుతాయి.

అంతా తగ్గినా రెండేళ్లు కనిపెట్టుకుని ఉండాలి. నాకు నాలుగేళ్లవుతోంది, గీత మాత్రమే ఉంది. మధ్యలో ఒకసారి దురద వచ్చింది. గడ్డ కనిపించే దాకా ఆగకుండా ఆ వారమే వెళ్తే ఒక్క సూదితో పోయింది.